ఈఈజీ నివేదికలో పద్ధతుల విభాగం: ఏ అంకె ఎందుకు రాయాలి?

“32 ఎలక్ట్రోడ్లతో ఈఈజీ తీశాం. డేటాను ఫిల్టర్ చేసి, ఆర్టిఫాక్ట్‌లు తొలగించాం.” విద్యార్థులు రాసే ఈఈజీ ప్రయోగ నివేదికల్లో పద్ధతుల విభాగం చాలాసార్లు ఈ రెండు వాక్యాలతోనే సరిపోతుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఈ వాక్యాలు పట్టుకుని ఎవరైనా అదే ముడి డేటాను మొదటినుంచి లెక్కకడితే నివేదికలో అచ్చయిన తరంగం రాదు. ఎత్తు తగ్గవచ్చు, ఆకారం మారవచ్చు, ఒక్కోసారి అసలు లేని తరంగం కొత్తగా పుట్టుకురావచ్చు. దేనితో పోల్చి కొలిచారు, ఫిల్టర్ ఎక్కడ కోసింది, ఎంత డేటా పారేశారు అన్న మూడు విషయాలూ ఫలితాన్ని మార్చగలవు. అందుకే ఆ మూడూ అంకెలతో సహా రాయాలి.

జర్మనీలోని జెనా నగరంలో హన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మనిషి తల నుంచి తొలిసారి ఈఈజీ నమోదు చేసి, 1929లో ప్రచురించాడు. ఆయన కొలిచిన విద్యుత్తు ఇవాళ్టికీ అంతే చిన్నది. తలమీద దొరికేది కొన్ని పదుల మైక్రోవోల్టులు. ఒక మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షల వంతు. అందులో మనం వెతికే ప్రతిస్పందన ఇంకా చిన్నది, తరచు పది మైక్రోవోల్టుల లోపే. కాబట్టి ఒకే శబ్దాన్ని పదే పదే వినిపించి, ప్రతిసారీ వచ్చిన సిగ్నల్‌ను సగటు కడతారు. శబ్దంతో సంబంధం లేనివి ఒకదాన్నొకటి కొట్టేసుకుని, సంబంధం ఉన్న తరంగం మిగులుతుంది.

మాట తేలికగా సాగడానికి ఒక ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 24 మందికి ఒక్కొక్కరికి 400 శబ్దాలు వినిపిస్తాం. వాటిలో 320 మామూలు స్వరాలు, 80 అరుదుగా వచ్చే పై స్వరాలు. పై స్వరం వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. అరుదైన స్వరం తర్వాత 300 మిల్లీసెకన్లు దాటాక తల పైభాగంలో, కాస్త వెనకవైపు, ఒక పాజిటివ్ తరంగం లేస్తుంది. దాన్నే పీ300 అంటారు. 1965లో శామ్యూల్ సటన్ బృందం దీన్ని వర్ణించినప్పటినుంచి ఈఈజీ నేర్చుకునేవారు మొదట చేసే ప్రయోగాల్లో ఇదొకటి. కింద వచ్చే అంకెలన్నీ ఈ ఊహా ప్రయోగానివే.

ఎలక్ట్రోడ్లు

“32 ఎలక్ట్రోడ్లు” అన్నది మొదలు మాత్రమే. అవి ఎక్కడ ఉన్నాయో చెప్పడానికి ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది. హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రచురించిన 10-20 పద్ధతి, దాన్ని విస్తరించిన 10-10 పద్ధతి. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక గుబ్బ దాకా ఉన్న దూరాన్ని శాతాలుగా విభజించి స్థానాలు నిర్ణయిస్తారు. అందువల్ల చిన్న తలైనా పెద్ద తలైనా Pz అంటే ఒకే చోటు. అక్షరం మెదడు భాగాన్ని చెబుతుంది. బేసి అంకెలు ఎడమవైపు, సరి అంకెలు కుడివైపు, z అంటే నడిమి గీత. టోపీ మీద అచ్చయిన ఈ పేర్లనే నివేదికలో వాడాలి.

ఎలక్ట్రోడ్ ఏ పదార్థంతో చేసిందో కూడా రాస్తారు. వెండి మీద సిల్వర్ క్లోరైడ్ పూత ఉన్నవి ఎక్కువగా వాడడానికి కారణం ఉంది. వట్టి లోహం జెల్‌ను తాకిన చోట విద్యుదావేశం పేరుకుని, సిగ్నల్ నెమ్మదిగా ఒక పక్కకు జారిపోతుంది. ఈ పూత ఆ జారుడును బాగా తగ్గిస్తుంది. పీ300 నెమ్మదైన తరంగం కాబట్టి ఇది మనకు నేరుగా సంబంధించిన విషయం.

ఆ తర్వాత ఇంపీడెన్స్. ఎలక్ట్రోడ్‌కు, చర్మానికి మధ్య విద్యుత్తు దాటడానికి ఎంత అడ్డంకి ఉందో చెప్పే కొలత ఇది. పాత యంత్రాలకు 5 కిలోఓమ్‌ల లోపు ఉండాలనేవారు. ఇప్పటి యాంప్లిఫయర్లు అంతకంటే ఎక్కువ ఉన్నా పనిచేస్తాయి, కానీ ఇంపీడెన్స్ పెరిగేకొద్దీ కరెంటు లైను రొద, చెమటవల్ల వచ్చే జారుడు పెరుగుతాయి. మన దగ్గర తలకు నూనె రాసుకునే అలవాటు ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి. నూనె పొర మీద జెల్ సరిగా అంటదు. “పాల్గొనేవారిని ముందురోజు రాత్రి తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మన్నాం” అన్న వాక్యం పద్ధతుల విభాగంలో ఉండదగినదే. ఇంపీడెన్స్ హద్దు ఎంత పెట్టుకున్నారు, ఆ హద్దు దాటిన ఎలక్ట్రోడ్లను ఏం చేశారు అనేవి దాని పక్కనే రాయాలి.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది రిఫరెన్స్. Pz దగ్గర వోల్టేజీ అనేది విడిగా ఉండదు. అది ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడానే. కొండ ఎత్తు చెప్పాలంటే సముద్రమట్టం నుంచా, ఊరి నేల నుంచా అన్నది తేల్చుకోవాల్సినట్టే, ఇక్కడ కూడా దేని నుంచి కొలిచామో చెప్పాలి.

అంకెల్లో చూద్దాం. రికార్డింగ్ సమయంలో ఎడమ చెవి వెనక ఎముకను, అంటే ఎడమ మాస్టాయిడ్‌ను, రిఫరెన్స్‌గా పెట్టుకున్నాం. ఒక క్షణంలో Pz 12 మైక్రోవోల్టులు చూపింది. అదే క్షణంలో కుడి మాస్టాయిడ్ 2 మైక్రోవోల్టులు చూపింది. తల రెండు వైపులా సమానంగా చూడాలని రెండు మాస్టాయిడ్ల సగటును రిఫరెన్స్‌గా మార్చుకుంటే, కుడిదాని విలువలో సగం తీసేయాలి. Pz 11 అవుతుంది. అలా కాక అన్ని ఎలక్ట్రోడ్ల సగటును రిఫరెన్స్‌గా తీసుకున్నామనుకోండి. ఆ క్షణంలో ఆ సగటు 5 ఉంటే Pz 7 అవుతుంది. 12, 11, 7 మూడూ సరైనవే, మూడూ ఒకే మెదడువి. రిఫరెన్స్ పేరు రాయకపోతే ఒక ప్రయోగశాలలో వచ్చిన 7ను ఇంకో ప్రయోగశాలలో వచ్చిన 12తో పోల్చి, లేని తేడాను కనిపెట్టే ప్రమాదం ఉంది. అందుకే రికార్డింగ్ అప్పటి రిఫరెన్స్, విశ్లేషణలో మార్చుకున్న రిఫరెన్స్, రెండూ రాయాలి.

ఫిల్టర్

ఫిల్టర్ ఎందుకు వేస్తామో చెప్పడం సులువు. చెమటవల్ల, ఎలక్ట్రోడ్ కదలడంవల్ల వచ్చే అతి నెమ్మదైన జారుడును హై పాస్ ఫిల్టర్ తగ్గిస్తుంది. కండరాల రొదనూ, 50 హెర్ట్జ్ కరెంటు రొదనూ లో పాస్ ఫిల్టర్ తగ్గిస్తుంది. “0.1 నుంచి 30 హెర్ట్జ్ వరకు ఫిల్టర్ చేశాం” అని రాసేస్తే పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఏ ఫిల్టరూ గోడ కట్టినట్టు ఒకే చోట ఆపదు. కొంత వెడల్పులో క్రమంగా తగ్గిస్తూ వస్తుంది. మరి ఆ 30 అనేది తగ్గడం మొదలైన చోటా, సగానికి పడిన చోటా? ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో అర్థంలో తీసుకుంటుంది.

ఈఈజీల్యాబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చాలామంది ఇలా రాస్తారు:

```
EEG = pop_eegfiltnew(EEG, 'locutoff', 0.1);
EEG = pop_eegfiltnew(EEG, 'hicutoff', 30);
```

ఆదేశంలో cutoff అనే మాట ఉన్నా, ఇక్కడ ఇచ్చిన అంకె ఫిల్టర్ తాకకుండా వదిలే భాగానికి అంచు. సిగ్నల్ ఎత్తు సగానికి పడే చోటు, అంటే −6 డెసిబెల్ కటాఫ్, వేరే ఉంటుంది. మనం 30 అని ఇస్తే ఆ కటాఫ్ 33.75 హెర్ట్జ్. 0.1 అని ఇస్తే 0.05 హెర్ట్జ్. ఈ విలువలను ఆదేశం నడిచేటప్పుడు సాఫ్ట్‌వేరే తెరమీద చూపిస్తుంది, అక్కడినుంచి నివేదికలోకి ఎక్కించుకోవడమే మన పని. మరో సాఫ్ట్‌వేర్‌లో అదే 0.1 అంకె ఇస్తే అది కటాఫే కావచ్చు. కాబట్టి కటాఫ్‌తో పాటు అది ఏ డెసిబెల్ దగ్గర కొలిచిందో, ఫిల్టర్ ఏ రకమో, వాలు ఎంతో కూడా చెప్పాలి. ఫిల్టర్ తరంగాన్ని కాలంలో వెనక్కి జరిపే రకమా, జరపని జీరో ఫేజ్ రకమా అన్నది కూడా ముఖ్యం. పీ300 ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందన్నదే మీ ప్రశ్న అయితే ఆ జరుగుడు నేరుగా మీ జవాబులో చేరుతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. సెకనుకు 500 నమూనాలు తీసిన డేటా మీద పైన చెప్పిన 0.1 హెర్ట్జ్ ఫిల్టర్ పొడవు సుమారు 33 సెకన్లు. మన ప్రతి ట్రయల్ ముక్క పొడవు ఒక సెకను. 33 సెకన్ల ఫిల్టర్‌ను ఒక సెకను ముక్కమీద వేస్తే అంచుల్లో వచ్చేది మెదడు సిగ్నల్ కాదు, లెక్కల వికారం. అందుకే హై పాస్ ఫిల్టర్‌ను ముక్కలు చేయకముందు, తెగకుండా ఉన్న మొత్తం రికార్డింగ్ మీద వేయాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస నివేదికలో స్పష్టంగా ఉండాలనడానికి ఇదొక కారణం.

హై పాస్ హద్దును పెంచేకొద్దీ గీతలు చూడముచ్చటగా, నిలకడగా కనిపిస్తాయి. అక్కడే ప్రమాదం ఉంది. పీ300 వంటి తరంగం కొన్ని వందల మిల్లీసెకన్ల పాటు సాగే నెమ్మదైన గుబ్బ. 1 హెర్ట్జ్ హై పాస్ వేస్తే ఫిల్టర్ దాన్ని కూడా కొంత జారుడుగానే లెక్కేసి తగ్గిస్తుంది. అంతటితో ఊరుకోదు. గుబ్బకు ముందూ వెనకా ఎదురు దిశలో పల్లాలు సృష్టిస్తుంది. జీరో ఫేజ్ ఫిల్టర్ కాలంలో రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి, పీ300 రాకముందే ఒక నెగటివ్ పల్లం కనిపిస్తుంది. తెలియనివారు దాన్ని మెదడు చేసిన ముందస్తు పనిగా వివరించి ఒక పేజీ చర్చ రాసేస్తారు. డారెన్ టానర్, కారా మోర్గన్-షార్ట్, స్టీవెన్ లక్ 2015లో సైకోఫిజియాలజీ పత్రికలో ఈ విషయాన్నే భాషా ప్రయోగాలకు సంబంధించి చూపించారు. వ్యాకరణ దోషానికి ఆలస్యంగా వచ్చే పీ600 అనే పాజిటివ్ తరంగం మీద హై పాస్ హద్దు ఎక్కువగా పెడితే, దానికి ముందు ఎన్400లా కనిపించే కృత్రిమ నెగటివ్ తరంగం పుట్టింది. ఎన్400 అంటే అర్థానికి సంబంధించిన తరంగం. అంటే వ్యాకరణం గురించిన ప్రయోగం అర్థం గురించిన నిర్ధారణకు దారితీస్తుంది, అది కూడా కేవలం ఒక అంకె వల్ల.

మీ డేటాలో ఇది జరిగిందో లేదో తేల్చుకునే దారి ఉంది. అదే డేటాను 0.1 హెర్ట్జ్‌తోనూ, మీరు వాడిన హద్దుతోనూ విడివిడిగా నడిపి రెండు సగటు తరంగాలను ఒకదానిమీద ఒకటి వేసి చూడండి. హద్దు తగ్గించగానే మాయమయ్యే పల్లాన్ని నమ్మకూడదు. శబ్దం రాకముందు ఉన్న నిలకడ గీత రెండు పరిస్థితుల్లో వేరువేరుగా వంగి ఉన్నా అనుమానించాల్సిందే.

ఆర్టిఫాక్ట్‌లు

మెదడుది కాని సిగ్నల్ అంతా ఆర్టిఫాక్టే. వాటిలో పెద్దది కనురెప్ప వేయడం. కనుగుడ్డు ముందు భాగం వెనక భాగంకంటే పాజిటివ్‌గా ఉంటుంది. రెప్ప దానిమీద జారినప్పుడు నుదుటి ఎలక్ట్రోడ్లలో 100, 200 మైక్రోవోల్టుల పాజిటివ్ శిఖరం లేస్తుంది, అదే సమయంలో కంటి కింద పెట్టిన ఎలక్ట్రోడ్ నెగటివ్ చూపుతుంది. ఇలా కంటికి పైనా కిందా గుర్తు తిరగబడిందంటే అది రెప్పపాటే. మెదడు తరంగమైతే అలా తిరగబడదు. అందుకే కంటి కింద ఎలక్ట్రోడ్ పెట్టారా లేదా అన్నది నివేదికలో ఉండాలి.

“±100 మైక్రోవోల్టులు దాటిన ట్రయల్స్ తీసేశాం” అన్న వాక్యం ఎంతో మామూలుగా కనిపిస్తుంది. కానీ కొందరి రెప్పపాటు 70 మైక్రోవోల్టులే ఉంటుంది, అది హద్దు కింద నుంచి జారిపోతుంది. ఇంకొకరికి చెమట జారుడు వల్ల ఏ రెప్పపాటూ లేకుండానే సిగ్నల్ 100 దాటి, మంచి ట్రయల్స్ పోతాయి. దీనికంటే మెరుగైనది కదిలే కిటికీ పద్ధతి. ప్రతి 200 మిల్లీసెకన్ల కిటికీలో అన్నిటికంటే పై విలువకూ కింది విలువకూ మధ్య తేడా చూసి, కిటికీని 50 మిల్లీసెకన్లు చొప్పున జరుపుతూ పోతారు. నెమ్మది జారుడు దీన్ని పెద్దగా మోసం చేయలేదు, రెప్పపాటు మాత్రం దొరికిపోతుంది. ఒక్కొక్కరికి వేరే హద్దు పెట్టుకోవచ్చు. అయితే ఏ ట్రయల్ ఏ పరిస్థితిదో చూడకుండా పెట్టామని రాయాలి.

ఎన్ని ట్రయల్స్ మిగిలాయన్న అంకె చాలా నివేదికల్లో ఉండదు. నా దృష్టిలో పద్ధతుల విభాగంలో ఇంతకంటే పెద్ద లోటు లేదు. ఒక వ్యక్తి అరుదైన స్వరం విన్నప్పుడల్లా బటన్ నొక్కుతూ రెప్ప కూడా వేస్తాడనుకోండి. మామూలు స్వరాల్లో 320కి 290 మిగిలాయి. అరుదైనవాటిలో 80కి 41 మాత్రమే మిగిలాయి. సగటు కట్టినప్పుడు మిగిలే రొద ట్రయల్స్ సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. ఒక్కో ట్రయల్‌లో రొద 20 మైక్రోవోల్టులు అనుకుంటే, 290 ట్రయల్స్ సగటులో అది 1.2 దగ్గరికి పడిపోతుంది. 41 ట్రయల్స్ సగటులో ఇంకా 3.1 ఉంటుంది.

ఇప్పుడు రెండు పరిస్థితుల్లోనూ “శిఖరం ఎత్తు” కొలిచారనుకోండి. శిఖరం అంటే ఆ కిటికీలో అన్నిటికంటే పై బిందువు. రొద ఎక్కువగా ఉన్న గీతలో ఆ పై బిందువు ఎప్పుడూ కాస్త ఎక్కువగానే దొరుకుతుంది. అంటే మెదడు ఏ తేడా చూపకపోయినా అరుదైన స్వరానికి పెద్ద పీ300 వచ్చినట్టు కనబడుతుంది, సరిగ్గా మన ఊహ ఏ దిశలో ఉందో ఆ దిశలోనే. 300 నుంచి 500 మిల్లీసెకన్ల దాకా సగటు ఎత్తు కొలిస్తే ఈ పక్షపాతం రాదు, ఎందుకంటే రొద పైకీ కిందకీ సమానంగా పోతుంది. కాబట్టి ప్రతి పరిస్థితిలో మిగిలిన ట్రయల్స్ సగటు, కనిష్ఠం, గరిష్ఠం రాస్తేనే చదివేవారు ఈ విషయాన్ని తూచగలరు.

పారేయడానికి బదులు సరిదిద్దే పద్ధతి కూడా ఉంది, ఐసీఏ. అన్ని ఎలక్ట్రోడ్ల సిగ్నల్‌ను విడివిడి మూలాలుగా విడగొట్టి, రెప్పపాటుది అనిపించిన భాగాన్ని తీసేసి మిగతావాటిని కలిపేస్తారు. 1 హెర్ట్జ్ హై పాస్ వేసిన డేటా మీద ఐసీఏ బాగా విడగొడుతుంది. కానీ ఆ హద్దు పీ300ను చెడగొడుతుందని చూశాం. అందుకని ఒక నకలు తీసి, దానికి 1 హెర్ట్జ్ ఫిల్టర్ వేసి ఐసీఏ నడిపి, వచ్చిన గుణకాలను 0.1 హెర్ట్జ్ ఉన్న అసలు డేటాకు వర్తింపజేస్తారు. ఈ రెండు ఫిల్టర్లనూ విడివిడిగా చెప్పకపోతే చదివేవారు 1 హెర్ట్జ్ డేటానే విశ్లేషించారనుకుంటారు. ఒక్కో వ్యక్తికి ఎన్ని భాగాలు తీసేశారో, ఏ ఆధారంతో తీశారో కూడా చెప్పాలి. మరో మాట: బొమ్మలు చూపించే ప్రయోగంలో బొమ్మ వచ్చిన క్షణానే రెప్ప మూసి ఉంటే ఐసీఏ సిగ్నల్‌ను శుభ్రం చేస్తుంది గానీ, చూడని బొమ్మను చూసినట్టు చేయలేదు. ఆ ట్రయల్‌ను తీసేయాల్సిందే.

ఇప్పుడు మన ప్రయోగానికి ఆ విభాగం ఇలా ఉండవచ్చు:

“10-10 పద్ధతిలో 32 సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్లతో, ఎడమ మాస్టాయిడ్ రిఫరెన్స్‌గా, సెకనుకు 500 నమూనాల చొప్పున ఈఈజీ నమోదు చేశాం. కుడి మాస్టాయిడ్ మీద, ఎడమ కన్ను కింద అదనపు ఎలక్ట్రోడ్లు ఉంచాం. ఇంపీడెన్స్‌లను 10 కిలోఓమ్‌ల లోపు ఉంచాం. విశ్లేషణలో రెండు మాస్టాయిడ్ల సగటును రిఫరెన్స్‌గా తీసుకున్నాం. ముక్కలు చేయకముందు మొత్తం రికార్డింగ్‌కు జీరో ఫేజ్ ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్లు వేశాం. −6 డెసిబెల్ దగ్గర వాటి కటాఫ్‌లు 0.05, 33.75 హెర్ట్జ్. స్వరానికి 200 మిల్లీసెకన్ల ముందు నుంచి 800 తర్వాత వరకు ముక్కలు చేసి, ముందరి 200 మిల్లీసెకన్ల సగటును తీసేశాం. 200 మిల్లీసెకన్ల కదిలే కిటికీలో 100 మైక్రోవోల్టులు మించి తేడా ఉన్న ట్రయల్స్ తొలగించాం. ఏ పరిస్థితిలోనైనా 25 శాతం మించి ట్రయల్స్ పోయినవారిని విశ్లేషణలో చేర్చలేదు. ఈ నియమం డేటా చూడకముందే పెట్టుకున్నాం. ఇలా ఇద్దరు పోగా 22 మంది మిగిలారు. వారిలో అరుదైన స్వరాలకు సగటున 70 (61 నుంచి 79), మామూలు స్వరాలకు 289 (252 నుంచి 315) ట్రయల్స్ మిగిలాయి.”

41 ట్రయల్స్ మిగిలిన పై వ్యక్తి ఈ 25 శాతం నియమం దగ్గరే బయటికి వెళ్తాడు. ఎందుకు వెళ్లాడో ఎవరికీ అనుమానం మిగలదు.

ఇలా రాయాలన్న నియమావళులు కొత్తవేమీ కావు. టెరెన్స్ పిక్టన్ తదితరులు 2000లో, ఆండ్రియాస్ కైల్ తదితరులు 2014లో సైకోఫిజియాలజీ పత్రికలోనే ప్రచురించారు. రాయడానికి కూర్చునే ముందు వాటిని దగ్గర పెట్టుకోండి. అంతకంటే ముఖ్యంగా, రికార్డింగ్ జరిగిన రోజే ఇంపీడెన్స్ విలువలు, పాడైన ఎలక్ట్రోడ్ల పేర్లు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫిల్టర్ ఆదేశాలను మెనూలో నొక్కి వదిలేయకుండా స్క్రిప్టుగా భద్రపరచండి. ఆరు నెలల తర్వాత సమీక్షకులు అడిగే మొదటి ప్రశ్నలు వీటిగురించే ఉంటాయి.